'చూడండి' అన్న చోట ఏం చెప్పాలి

తిరుపతి

తమ్ముడూ,

నువ్వు పంపిన శ్రీకాళహస్తి కలంకారీ వీడియో స్క్రిప్టు రెండుసార్లు చదివాను. ఆ తర్వాత రఫ్ కట్ పెట్టి, ఫోన్‌ను బల్ల మీద బోర్లించి, చెవులతో మాత్రమే విన్నాను. చదివినప్పుడు బాగుంది. విన్నప్పుడు సగం వీడియో నాకు అందలేదు. చూపులేనివాళ్లకు కూడా ఇది అందాలంటే ఏం చేయాలక్కా అని అడిగావు కదా, ఆ అందని సగం గురించే ఈ ఉత్తరం.

సినిమాలకు వాడే పద్ధతి ఒకటుంది. అంతా పూర్తయ్యాక మాటల మధ్య ఖాళీల్లో వేరే గొంతుతో దృశ్యాన్ని వర్ణిస్తారు, ఆడియో డిస్క్రిప్షన్ అంటారు. పాత్రల మాటల్ని మార్చలేం కాబట్టి అక్కడ అదే దారి. నీ వీడియోలో ఎక్కువసేపు మాట్లాడేది వ్యాఖ్యాత. ఆ మాటలు రాసేది నువ్వే. తెర మీది ముఖ్యమైన సమాచారమంతా ఆ మాటల్లోనే వచ్చేస్తే విడిగా ఇంకో వర్ణన అక్కర్లేదు. వెబ్ వీడియోలకు చాలా దేశాల్లో ప్రమాణంగా తీసుకునే డబ్ల్యూసీఏజీ నియమాల్లో కూడా ఈ మాట స్పష్టంగా ఉంది. అందుకే ఖాళీలు వెతకడం మానేసి, ఉన్న వాక్యాలనే తిరగరాయి.

కలం నడిచే షాట్ తీసుకుందాం. అది 25 సెకన్లు. నువ్వు రాసింది ఇది:

"శ్రీకాళహస్తి కలంకారీకి ఘనమైన చరిత్ర ఉంది. తరతరాలుగా ఈ కళను కాపాడుకుంటూ వస్తున్న కళాకారుల చేతుల్లో ఏదో మాయ ఉంది. ముందుగా ఇలా గీతలు గీస్తారు. తరువాత ఈ ద్రావణం అద్దుతారు. చూడండి, క్షణాల్లో ఎలా మారిపోయిందో!"

దీన్ని పెన్సిల్ పట్టుకుని చదువు. 'ఇలా', 'ఈ', 'ఎలా', 'చూడండి' అనే మాటల కింద గీత గీయి. అవి కెమెరా వైపు వేలు చూపించే మాటలు. వేలు ఎటు చూపిందో కనబడనివాళ్లకు అక్కడ వాక్యం ఆగిపోతుంది. ఏ గీతలు? ఏ ద్రావణం? ఏది ఏమైంది? 'చూడండి' అనే మాటతో నాకు పేచీ లేదు. చూపులేని నా స్నేహితురాలు కూడా నిన్న సినిమా చూశానే అంటుంది. ఆ మాట పక్కన చూడాల్సిన వస్తువు పేరు లేకపోవడమే ఇబ్బంది.

ఇప్పుడు గడియారం పెట్టు. నేను నిదానంగా, స్పష్టంగా చదివితే తెలుగులో నిమిషానికి సుమారు 100 మాటలు వస్తాయి. నీ గొంతు వేగం వేరుగా ఉండొచ్చు, ఒకసారి కొలుచుకో. ఆ లెక్కన 25 సెకన్లకు దాదాపు 40 మాటలే పడతాయి. నువ్వు వాడినవి 27, వాటిలో మొదటి 15 చరిత్ర, మాయ. తెర మీద అసలు పని జరుగుతున్న సమయంలో ఆ 15 మాటలు వేరే సంగతి చెబుతున్నాయి. చరిత్రను తీసేయమనడం లేదు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్లే రోడ్డు షాట్లు మొదట్లో పెట్టావు కదా, అక్కడ సంగీతం తప్ప ఏమీ లేదు. చరిత్ర అక్కడికి వెళ్తుంది. చూడటానికి పెద్దగా ఏమీ లేని చోట సమాచారం చెప్పి, పని జరిగే చోట పని గురించి చెప్పు.

తిరగరాస్తే నాకు ఇలా వచ్చింది:

"చింతబొగ్గుతో గీసిన లేత గీతల మీద ఇప్పుడు కలం నడుస్తోంది. కలమంటే చెక్కిన వెదురుపుల్ల. కొనకు కాస్త పైన చుట్టిన గుడ్డ కసిమిని పీల్చుకుని ఉంది. వేలితో ఆ చుట్టును నొక్కితే కసిమి కొన దాకా జారుతుంది. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతోంది."

ఇవి 32 మాటలు, దాదాపు 20 సెకన్లు. మిగిలిన 5 సెకన్లు కలం గుడ్డ మీద గీరే సన్నని చప్పుడుకు వదిలేశాను. ఇంకో సంగతి గమనించు. ఇందులో 'కసిమి', 'కరక్కాయ పట్టిన గుడ్డ' అనేవి వివరణ లేకుండా వచ్చాయి. అంటే అంతకుముందు కుండ షాట్‌లోనే ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చేదే కసిమి అని చెప్పి ఉండాలి. గుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టే షాట్‌లో, ఆ పాల వల్ల గీత పాకకుండా నిలుస్తుందని చెప్పాలి. వస్తువు మొదటిసారి తెర మీదికి వచ్చినప్పుడే పేరు పెట్టేస్తే, తర్వాత పేరు ఒక్కటే సరిపోతుంది. పేరు పెట్టడం వాయిదా వేస్తే, పని జోరుగా సాగే షాట్‌లో వివరణలకు చోటు దొరక్క నీకు టెన్షన్ మొదలవుతుంది.

ఏది చెప్పాలి, ఏది వదలాలి అన్నదే కష్టమైన భాగం. ఆ షాట్‌లో బొమ్మ గీస్తున్న పెద్దాయనకు కళ్లద్దాలున్నాయి, గోడకు క్యాలెండర్ ఉంది, కిటికీ ఉంది. ఇవేవీ చెప్పలేదు. ఇది తెలియకపోతే తర్వాత వచ్చే మాట అర్థమవుతుందా అని అడుగుతాను. అర్థమయ్యేదైతే వదిలేస్తాను. కానీ నువ్వు చెప్పనిది ఒకటుంది, అది వదలకూడనిది. ఆయన గీస్తున్న బొమ్మ ఏమిటి? చివర్లో "పార్వతీ కల్యాణం పూర్తయింది" అంటావు. నాకు అప్పటిదాకా అక్కడ కల్యాణం ఉందనే తెలియదు. తర్వాతి వైడ్ షాట్‌లో ఒక్క వాక్యం చాలు: గుడ్డ మధ్యలో వధూవరులు, చుట్టూ గళ్లలో కథ.

పటిక షాట్ దగ్గర నీ స్క్రిప్టులో తప్పే దొర్లింది. "ఇప్పుడు ఎరుపు వేస్తున్నారు" అని రాశావు. తెర మీద ఎరుపు ఎక్కడుంది? ఆయన అద్దుతున్నది పటిక నీళ్లు, వాటికి దాదాపు రంగే లేదు. తర్వాత రంగుచెక్క, మొక్కల వేర్లు వేసి గుడ్డను ఉడికిస్తే, పటిక పట్టిన చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. కళ్లున్నవాళ్లకు కూడా ఈ సంగతి ఆ షాట్‌లో తెలియదు. వాళ్లు తడి గుడ్డను చూస్తూ ఎరుపు అనే మాట వింటారు, రెండూ కలవవు. ఇలాంటి తప్పులు నాకు తిరగరాసేటప్పుడే దొరుకుతాయి. కనిపించేదాన్ని మాటల్లో పెట్టాలంటే ముందు దాన్ని సరిగ్గా చూడాలి కదా.

రంగుల పేర్లు మానేయకు. పుట్టుకతో చూపులేనివాళ్లకు ఎందుకులే అనుకుంటారు కొందరు. వినేవాళ్లలో మధ్యలో చూపు పోయినవాళ్లుంటారు, కాస్త మసగ్గా కనిపించేవాళ్లుంటారు. పుట్టుకతో చూపులేనివాళ్లు కూడా ఎరుపు ఎక్కడ, పసుపు ఎక్కడ అని తెలుసుకోవాలనే అనుకుంటారు. చీర కొనేటప్పుడు వాళ్లకూ రంగు కావాలి. మానేయాల్సింది 'అద్భుతమైన', 'ముచ్చటైన' లాంటి మాటల్ని. వాటివల్ల ఏదీ కనబడదు.

నేను మొదటిసారి ఇలా తిరగరాసినప్పుడు రెండో వైపు తప్పాను. ఒక్క సెకను కూడా ఖాళీ వదల్లేదు. ఇంకో కలంకారీ వీడియో అది, స్వర్ణముఖిలో నీళ్లున్న రోజుల్లో తీసింది. ఏటిలో గుడ్డ జాడించే షాట్ మీద మనిషి ఎలా వంగాడో, గుడ్డ ఎలా తేలుతోందో వరసగా చెప్పుకుంటూ పోయాను. నేను చెప్పిన ఆ స్నేహితురాలికే వినిపించాను. అంతా విని, "ఏటి చప్పుడు ఒక్కసారి కూడా విననివ్వలేదే" అంది. ఇప్పుడైతే "గుడ్డను పారే నీళ్లలో జాడిస్తున్నారు, అంటని రంగు కొట్టుకుపోతోంది" అని షాట్ మొదట్లో చెప్పి ఊరుకుంటాను. ఆ చప్పుడు దేనిదో ముందే తెలిస్తే మిగతాది చప్పుడే చెబుతుంది. మాట ఎప్పుడూ చప్పుడుకు కాస్త ముందు పడాలి. వెనకపడితే, వినేవాళ్లు ఇదేమిటబ్బా అనుకుంటూ ఉండగానే షాట్ అయిపోతుంది.

పెద్దాయన మాటలు మాత్రం నువ్వు మార్చలేవు. "దీన్ని ఇట్టా పట్టుకోని, ఇంతమాత్రం ఒత్తితే సాలు" అంటాడు. ఎంత బాగుందో ఆ మాట, దాన్ని ముట్టుకోకు. దానికి ముందు వ్యాఖ్యాతతో ఒక వాక్యం చెప్పించు: "కలాన్ని మూడు వేళ్ల మధ్య నిలబెట్టి, బొటనవేలు గుడ్డచుట్టు మీద ఆనించారు." అప్పుడు 'ఇట్టా' అనే మాటకు అర్థం వస్తుంది. మళ్లీ షూటింగ్‌కు వెళ్తే ఇంకో పని చెయ్యి. "ఊళ్లో లేని మనవడికి ఫోన్లో నేర్పిస్తున్నట్టు చెప్పండి పెద్దాయనా" అని అడుగు. వస్తువుల పేర్లు ఆయన నోటే వస్తాయి. ఆయన మాట్లాడేటప్పుడు కింద పడే పేరు పట్టీని కూడా వ్యాఖ్యాత చదవాలి. వీడియో చివర "స్క్రీన్ మీద కనిపిస్తున్న నంబరుకు ఫోన్ చేయండి" అన్నావు. ఆ నంబరును రెండుసార్లు, అంకె అంకెగా చదివించు.

వ్యాఖ్యాన మాటలు ఎంత బాగా రాసినా కొన్ని చోట్ల చోటు చాలదు. నీ వీడియోలో వేగంగా మారే 8 షాట్ల వరస ఉంది, పూర్తయిన గుడ్డలు చూపిస్తావు. 12 సెకన్లలో ఎనిమిదింటినీ చెప్పలేం. అక్కడ రెండు దారులున్నాయి. ఆ వరసను నాలుగు షాట్లకు తగ్గించి నిదానంగా నడపడం ఒకటి. అలాగే ఉంచి, వర్ణన కోసం వీడియోను కాసేపు ఆపే ఇంకో కాపీ తయారు చేయడం రెండోది. నేనైతే షాట్లు తగ్గిస్తాను. ఒక్కో గుడ్డ మీద కన్ను నిలవడానికి అందరికీ సమయం దొరుకుతుంది.

పూర్తయ్యాక పరీక్ష ఎలా పెట్టాలో నేర్పింది కూడా నా స్నేహితురాలే. మొదట్లో "అర్థమైందా?" అని అడిగేదాన్ని. అర్థమైంది అనేది. ఒకసారి ఎందుకో "కలం ఎలా ఉంటుందో చెప్పు" అన్నాను. పాళీ ఉన్న ఇంకుపెన్ను గురించి చెప్పింది. ఆ వీడియోలో కలం అనే మాట చాలాసార్లు ఉంది, కలం ఎలా ఉంటుందో ఒక్కసారీ లేదు. పైన 'చెక్కిన వెదురుపుల్ల' అని రాసింది ఆ రోజు గుర్తుండబట్టే. కాబట్టి వినేవాళ్లను అర్థమైందా అని అడగకు. గుడ్డ ఎంత ఉంది, నలుపు ఎక్కడి నుంచి వచ్చింది, ఆయన చేతిలో ఏముంది అని అడుగు. వాళ్లు తప్పు చెప్పిన చోట నీ వాక్యం తప్పిపోయిందని గుర్తు పెట్టుకో.

పటిక షాట్, ఉడికించే షాట్ ముందు తిరగరాయి. రాసింది కాగితం మీద పంపొద్దు, నీ గొంతుతో చదివి రికార్డు చేసి ఆడియో మాత్రమే పంపు. ఆదివారం స్నేహితురాలు మా ఇంటికొస్తోంది, ఇద్దరం కలిసి వింటాం. గుడ్డ ఉడికే బాన ఎంత ఉంటుందో నాకూ సరిగ్గా గుర్తులేదు, నీ మాటల్లోనే తెలుసుకుంటాను.

మీ అక్క