బ్యాంక్ గ్యారంటీ వాపసు లెటర్‌లో అడగాల్సినవి రెండు

ప్రశ్న: అన్నా, మాది హనుమకొండ. ఒక ఆఫీసుకు డ్యూయల్ డెస్కులు సప్లై చేశాం, అంతా ఓకే అయింది, బిల్లు కూడా వచ్చింది. పర్ఫార్మెన్స్ బ్యాంక్ గ్యారంటీ తిరిగి ఇవ్వమంటే ‘చూద్దాం’ అంటున్నారు. లెటర్ ఎట్లా రాయాలి?

జవాబు: ముందు వారంటీ అయిపోయిందో లేదో చూసుకోండి. బిల్లు వచ్చినంత మాత్రాన కాంట్రాక్ట్ ముగిసినట్టు కాదు. పర్ఫార్మెన్స్ గ్యారంటీ వారంటీకి కూడా కాపలా, అందుకే దాని గడువు మామూలుగా వారంటీ అయ్యాక ఇంకో 60 రోజుల దాకా పెట్టించుకుంటారు, మీ టెండర్ షరతుల్లో ఏం రాసి ఉందో అదే లెక్క.

మా కేసు చెప్తాను, మాదీ ఫర్నిచరే. ఆర్డర్ 18 లక్షలు, 5 శాతం చొప్పున గ్యారంటీ 90,000, దానికి బ్యాంకు పూర్తి మొత్తానికి మా ఎఫ్‌డీ మీద లీన్ వేసింది, అంటే ఆ డబ్బు మేం తీసుకోకుండా ఆపి పెట్టింది. సరుకు 2021 జూన్ 10న తీసుకున్నారు, రెండేళ్ల వారంటీ 2023 జూన్ 9తో అయిపోయింది, గ్యారంటీ గడువు ఆగస్టు 8. కానీ గ్యారంటీ బాండులో ఆ తర్వాత ఇంకో ఏడాది, ఆఫీసు బ్యాంకును డబ్బు అడగగలిగే క్లెయిమ్ పీరియడ్ ఉంది, అంటే 2024 ఆగస్టు 8 దాకా. గడువు దాటితే ఎఫ్‌డీ దానంతట అదే విడిపోతుందని చాలామంది అనుకుంటారు, ఒరిజినల్ బాండు, ఆఫీసు లెటర్ రాకపోతే మా బ్రాంచ్ మాత్రం క్లెయిమ్ పీరియడ్ అయ్యేదాకా లీన్ తీయనంది.

అందుకే వారంటీ అయిన వారంలోనే అడిగాం. లెటర్‌లో రెండూ అడగాలి: ఒరిజినల్ గ్యారంటీ, దాంతో పాటు బ్యాంక్ మేనేజర్ పేరిట డిశ్చార్జ్ లెటర్. ఒక్క బాండే చేతిలో పెట్టి పంపిస్తే బ్యాంకు వాళ్లు మళ్లీ ఆఫీసుకే తిప్పుతారు. మేం రాసింది దాదాపు ఇట్లా:

“ఆర్డర్ నం. ___, తేదీ ___ ప్రకారం సరుకు మొత్తం అప్పగించాం, ___ నాడు స్వీకరించారు. వారంటీ ___తో ముగిసింది, పెండింగ్ ఫిర్యాదులు లేవు. కాబట్టి ___ బ్యాంకు, ___ బ్రాంచ్ ఇచ్చిన గ్యారంటీ నం. ___, తేదీ ___, రూ. ___, గడువు ___, క్లెయిమ్ తేదీ ___ ఒరిజినల్‌ను తిరిగి ఇచ్చి, మీకు ఇక ఏ క్లెయిమూ లేదని, బ్యాంకును బాధ్యత నుంచి విడుదల చేస్తున్నామని బ్రాంచ్ మేనేజర్‌కు లెటర్ ఇప్పించగలరు.”

దీనికి స్వీకరణ సర్టిఫికెట్, ఫైనల్ బిల్లు పేమెంట్ కాపీ, గ్యారంటీ జిరాక్స్ జత చేయండి. ఇన్‌వర్డ్‌లో ఇచ్చి మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఫిర్యాదుల మాట ఊరికే రాయకండి, నాలుగు డెస్కులకు వెల్డింగ్ ఊడిందని మాకో ఫిర్యాదు వచ్చింది, బాగు చేసినట్టు సంతకం ఉన్న కాగితం జత చేశాకే ఫైలు కదిలింది. ఫైలు స్టోర్స్ సెక్షన్లో, బాండు అకౌంట్స్ సెక్షన్ బీరువాలో ఉండటం మామూలే, ‘చూద్దాం’ అంటే చాలాసార్లు ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరికి నోట్ పోలేదని అర్థం, కాబట్టి బాండు ఎవరి దగ్గరుందో అడగండి.

అసలు టెన్షన్ మాకు బ్యాంకులో వచ్చింది. గ్యారంటీ తీసింది 2021 మొదట్లో, అందులో లబ్ధిదారు పేరు వరంగల్ అర్బన్ జిల్లా ఆఫీసు. ఆ ఆగస్టులో జిల్లా పేరు హనుమకొండ అయింది, దాంతో డిశ్చార్జ్ లెటర్ కొత్త సీలుతో వచ్చింది. పేరు కలవడం లేదని మేనేజర్ పక్కన పెట్టేశాడు, ఆయనను తప్పుపట్టలేం కూడా. మళ్లీ ఆఫీసుకు పోయి సీలు కింద “పూర్వపు వరంగల్ అర్బన్ జిల్లా ఆఫీసు” అని ఒక లైను చేర్పించి, అదే హోదా అధికారితో సంతకం చేయించాం, అప్పుడు ఒప్పుకున్నారు. మీ బాండు 2021 ఆగస్టుకు ముందుదైతే ఈ లైను మొదటి లెటర్‌లోనే అడగండి. సంతకం కూడా గ్యారంటీలో ఎవరి హోదా ఉందో వాళ్లదే కావాలి, సూపరింటెండెంట్ ‘ఫర్’ అని పెట్టింది మా బ్రాంచ్ తీసుకోలేదు.

బ్యాంకు ఆఫీసుకు మెయిల్ పెట్టి లెటర్ నిజమైనదేనని ఖాయం చేసుకున్నాకే లీన్ తీస్తుంది, కాబట్టి ఆఫీసు అధికారిక మెయిల్ ఐడీ లెటర్ మీద ఉండేలా చూడండి. మిగిలిన కాలానికి కమిషన్ వెనక్కి ఇస్తారా అని కూడా అడగండి, కొన్ని బ్యాంకులు ఇస్తాయి, అడగకపోతే మాత్రం ఎవరూ చెప్పరు. ఒకవేళ ఆఫీసులో బాండు కనిపించకపోతే, పోయిందని, క్లెయిమ్ లేదని వాళ్ల లెటర్, మీ వైపు నుంచి నష్టం వస్తే మేమే భరిస్తామనే ఇండెమ్నిటీ బాండు అడుగుతారు. మీది ఈ-బీజీ, అంటే ఎలక్ట్రానిక్ బ్యాంక్ గ్యారంటీ అయితే కాగితం వాపసు గొడవ లేదు, విడుదల ఆఫీసు వాళ్లే ఆన్‌లైన్‌లో చేయాలి, లెటర్‌లో ఆ మాటే అడగండి.