ఫ్లాష్ ఫోటోలో పాప కన్ను తెల్లగా మెరిస్తే

ప్రశ్న: మా పాపకి 9 నెలలు. ఫోన్‌లో ఫ్లాష్ పెట్టి తీస్తే ఎడమ కన్ను తెల్లగా మెరుస్తోంది, కుడిది ఎర్రగానే ఉంటోంది. కెమెరా తేడానా? తెలిసినవాళ్ళు రెటినోబ్లాస్టోమా అనే పసిపిల్లల కంటి క్యాన్సర్ కావచ్చంటున్నారు. నిజంగా అదే అయితే కన్ను తీసేయాల్సిందేనా?

ముందు ఈ వారంలోనే కంటి క్యాన్సర్లు చూసే విభాగం ఉన్న ఆసుపత్రిలో చూపించండి. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్, చెన్నైలో శంకర నేత్రాలయ, మదురైలో అరవింద్ లాంటి చోట్ల ఈ విభాగం ఉంది. ఇక్కడ రాసేది అక్కడికి వెళ్ళే దారిలో చదువుకోవచ్చు.

ఫ్లాష్ వెలుగు కంటిపాపలోంచి లోపలికి పోయి, వెనక గోడకి పరుచుకున్న రెటీనాని తాకి తిరిగొస్తుంది. ఆ వెనక అంతా రక్తనాళాలే కాబట్టి ఎర్రగా కనబడుతుంది. అక్కడ సున్నపు ముద్దలాంటి తెల్లటి గడ్డ ఉంటే వెలుగు తెల్లగా తిరిగొస్తుంది. కెమెరా మోసం చేసే సందర్భం కూడా ఉంది. కంటి నరం రెటీనాలోకి వచ్చే చోటు పుట్టుకతోనే లేత రంగులో ఉంటుంది. కన్ను ముక్కు వైపు సుమారు 15 డిగ్రీలు తిరిగినప్పుడు ఫ్లాష్ సరిగ్గా ఆ చోట పడితే ఆరోగ్యమైన కన్ను కూడా తెల్లగా మెరుస్తుంది. అందుకే ఒక్క ఫోటో చూసి నిర్ణయించకూడదు. గదిలో వెలుతురు తగ్గించండి. ఫోన్‌లో ఎర్రకన్ను తగ్గించే సెట్టింగ్ ఉంటే ఆపేయండి, అది ఉంటే మనకి కావలసిన రంగునే చెరిపేస్తుంది. నాలుగైదు అడుగుల దూరం నుంచి, పాప తిన్నగా, కుడికి, ఎడమకి, పైకి చూస్తుండగా ఒక్కో దిక్కుకీ రెండేసి ఫోటోలు తీయండి. అదే కన్ను రెండు మూడు దిక్కుల్లో తెల్లగా వస్తే అది కెమెరా తప్పు కాదు. ఒక్క దిక్కులోనే వచ్చినా చూపించడం మాత్రం మానొద్దు. అన్ని ఫోటోల్లో ఎర్రగా వచ్చినా గడ్డ లేదని తేలినట్టు కాదు. అంచున ఉన్న చిన్న గడ్డ ఫోటోలో దొరకదు.

తెల్లగా మెరిసిందంటే రెటినోబ్లాస్టోమానే అని కాదు. పుట్టుకతో వచ్చే శుక్లం, కోట్స్ అనే రక్తనాళాల జబ్బు, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళ రెటీనా ఇబ్బంది, ఇవీ అలాగే కనబడతాయి. కానీ వీటిలో ఏదీ "ఆరు నెలలు చూద్దాం" అనదగ్గది కాదు.

ఇక్కడ మనవాళ్ళ గురించి ఒక మాట అనాలి. కంటిపాప మెరుస్తోందని తల్లి చెబితే "పిల్లికళ్ళు వచ్చాయమ్మా, తాతగారి పోలిక" అంటారు. పిల్లికళ్ళు అనేది కంటిపాప చుట్టూ ఉండే వలయం రంగు. మెరిసేది మధ్యలో నల్లగా ఉండాల్సిన చుక్క. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఇంకొకటి "మెల్ల అదృష్టం". ఈ జబ్బులో తెల్ల మెరుపు తర్వాత ఎక్కువగా కనబడే లక్షణం మెల్లకన్నే. చూపు పడే చోట గడ్డ కూర్చుంటే ఆ కన్ను నిలకడ తప్పి పక్కకి వాలుతుంది. పసిపిల్లకి కొత్తగా మెల్ల వస్తే ముందు రెటీనా చూడాలి, జాతకం తర్వాత. నన్నడిగితే టీకాలకి వెళ్ళిన ప్రతిసారీ, 6, 10, 14 వారాలకీ 9 నెలలకీ, చీకటి గదిలో ఆఫ్తాల్మోస్కోప్‌తో రెండు కళ్ళలోకీ వెలుగు వేసి ఎరుపు సమానంగా ఉందో లేదో చూడాలి. రెండు నిమిషాల పని. బరువు తూచి, సూది వేసి పంపేస్తారు, కంటిలోకి చూసే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు.

ఆసుపత్రిలో మొదట చేసేది మత్తు ఇచ్చి చూడటం. 9 నెలల పాప కళ్ళు కదపకుండా ఉండదు, రెటీనా అంచుదాకా చూడాలంటే కంటిని బయటినుంచి కొద్దిగా నొక్కుతూ తిప్పాలి. ఖాళీ కడుపు లెక్క ఇంట్లోవాళ్ళందరికీ చెప్పండి: తల్లిపాలు 4 గంటల ముందు, డబ్బాపాలు లేదా గేదెపాలు 6 గంటల ముందు, మంచినీళ్ళు 2 గంటల ముందు ఆపాలి. తెల్లవారుజామున ఏడుస్తోందని అమ్మమ్మ పాలు పట్టేస్తుంది, ఆరోజు పరీక్ష రద్దవుతుంది, మళ్ళీ తేదీ వచ్చేసరికి వారం పోతుంది. తర్వాత అల్ట్రాసౌండ్ తీస్తారు, గడ్డలోని సున్నం అందులో తెల్లగా మెరిసి వెనక నీడ పడుతుంది. కంటి నరానికీ మెదడుకీ పాకిందేమో ఎమ్మారైలో చూస్తారు. సీటీ స్కాన్‌ని వీలైనంత తప్పిస్తారు, ఎందుకంటే ఈ జబ్బు జన్యువుతో పుట్టిన పిల్లలకి రేడియేషన్ తగలడం మంచిది కాదు. "సూదితో ముక్క తీసి పరీక్షించారా?" అని బంధువులు అడుగుతారు. తీయరు. సూది రంధ్రం వెంట క్యాన్సర్ కణాలు కంటి బయటకి వచ్చేస్తాయి. ఈ జబ్బుని కంటితో చూసి, స్కాన్‌తో నిర్ధారిస్తారు.

ఇక మీ అసలు ప్రశ్న. కన్ను ఉంటుందా పోతుందా అన్నది జబ్బు పేరుని బట్టి ఉండదు, ఆ కంటిలో ఏం జరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రతి కంటికీ విడిగా ఎ నుంచి ఇ వరకూ గ్రూపు ఇస్తారు. ఎ అంటే 3 మిల్లీమీటర్లకి మించని, చూపు చోటుకి దూరంగా ఉన్న గడ్డ. ఇ అంటే కంటిలో సగానికి పైగా నిండిపోయినది, లేదా లోపల రక్తం కారినది, కంటి పీడనం పెరిగినది.

మీ పాప లాంటి ఒక పాపని ఊహించుకుందాం. ఎడమ కంట్లో గడ్డ సగం పైగా ఉంది, కంటిపాప చుట్టూ ఉండే వలయం మీద కొత్త రక్తనాళాలు వచ్చాయి, పీడనం పెరిగింది: గ్రూపు ఇ. తల్లి ఆ కంటి గురించే వచ్చింది. మత్తులో చూస్తే కుడి కంట్లోనూ రెండు గడ్డలు దొరికాయి, ఒకటి నరం పక్కన 5 మిల్లీమీటర్లది, ఇంకొకటి అంచున 2 మిల్లీమీటర్లది: గ్రూపు బి. ఫోటోలో కుడి కన్ను ఎర్రగానే ఉంది, గుర్తుపెట్టుకోండి.

ఎడమ కన్ను తీయాలి. ముందు కీమో ఇచ్చి కుదించి చూద్దామనే కోరిక సహజమే కానీ ఇలాంటి కంట్లో అది ప్రమాదం. తీసిన కంటిని ల్యాబ్‌లో కోసి చూసినప్పుడే నరంలోకి, కంటి వెనక పొరలోకి ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. కీమో ముందే ఇస్తే ఆ ఆనవాళ్ళు చెరిగిపోయి, లేదనుకున్నది ఉండిపోతుంది. తీసేటప్పుడు కంటితో పాటు నరం వీలైనంత పొడుగు, 15 మిల్లీమీటర్ల దాకా, కోసి తీస్తారు. ఆ గుంటలో గోళీలాంటి ఇంప్లాంట్ పెడతారు, ఆరు వారాల తర్వాత పైన కృత్రిమ కన్ను అమరుస్తారు. "తీయాలి" అన్న మాట వినగానే ఆకు పసరుకని వెళ్ళిపోయినవాళ్ళు కొన్ని నెలలకి కన్ను బయటికి ఉబికి వస్తే తిరిగొస్తారు. అప్పుడు పోరాటం కంటి కోసం కాదు, ప్రాణం కోసం.

కుడి కంటికి కీమో. విన్‌క్రిస్టిన్, ఎటోపొసైడ్, కార్బోప్లాటిన్ అనే మూడు మందులు మూడు నాలుగు వారాలకొకసారి, మామూలుగా ఆరు సార్లు. ఒక్కో విడతనీ సైకిల్ అంటారు. కీమో గడ్డని కుదిస్తుంది కానీ ఒంటరిగా చంపదు. రెండో సైకిల్‌కల్లా కుంచించుకుపోయిన గడ్డని ప్రతి మత్తు పరీక్షలోనూ లేజర్‌తో వేడి చేస్తారు. అంచున ఉన్నదాన్ని బయటినుంచి మంచుకడ్డీతో గడ్డకట్టించి, కరగనిచ్చి, మళ్ళీ గడ్డకట్టిస్తారు. అలా మూడుసార్లు. కీమో అయిన ఏడు నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకండి, అర్ధరాత్రైనా ఆసుపత్రికే. కొన్ని చోట్ల తొడ ధమని నుంచి సన్నటి గొట్టాన్ని కంటి ధమని దాకా పంపి మెల్ఫలాన్ అనే కీమో మందుని నేరుగా కంటికే ఇస్తారు, ముఖ్యంగా ఒక కంటికే జబ్బున్నప్పుడు.

నాలుగో సైకిల్ తర్వాత ఈ పాప కుడి కంట్లో గడ్డ పైన దుమ్ములాంటి చుక్కలు కనబడ్డాయనుకోండి. వాటిని సీడ్స్ అంటారు. కంటి నిండా ఉండే జిగురు ద్రవంలో అవి తేలుతుంటాయి, అక్కడ రక్తనాళాల్లేవు కాబట్టి చేతికెక్కించిన మందు వాటికి సరిగా అందదు. ఒకప్పుడు ఇలాంటి కళ్ళు చాలా పోయేవి. ఇప్పుడు మెల్ఫలాన్‌ని కంటిలోకే ఇస్తారు, సాధారణంగా 20 నుంచి 30 మైక్రోగ్రాములు, 0.1 మిల్లీలీటరు లోపు. సూది రంధ్రంలోంచి కణం బయటికి రాకుండా చూడటమే ఇందులో అసలు పనితనం. ముందు కంటి ముందు గదిలోంచి కొద్దిగా నీరు తీసి పీడనం తగ్గిస్తారు, లేకపోతే మందు వెనక్కి చిమ్ముతుంది. గడ్డా సీడ్సూ లేని దిక్కు చూసుకుని సన్నటి సూదితో ఇస్తారు. సూది బయటికి వస్తుండగానే మంచుకడ్డీ మోపి ఆ రంధ్రాన్ని గడ్డకట్టిస్తారు. తర్వాత పటకారుతో కంటిని అటూ ఇటూ ఊపుతారు, మందు ఒకేచోట ఉంటే అక్కడి రెటీనా మాడిపోతుంది. మెల్ఫలాన్ నీళ్ళలో కలిపాక త్వరగా చెడిపోతుంది, అందుకే ఆపరేషన్ గదిలో పాప సిద్ధమయ్యాకే కలపాలి. దుమ్ములాంటి సీడ్స్ కొద్ది ఇంజెక్షన్లకే పోతాయి, మేఘంలా గుమిగూడినవి ఎక్కువ అడుగుతాయి.

చుక్కలు పోయాక ఇంటికెళ్ళి హాయిగా ఉండొచ్చనుకుంటే తప్పు. మొదట్లో నెలకోసారి, తర్వాత ఎడం పెంచుతూ బడికెళ్ళే వయసు దాకా పరీక్షలు తప్పవు. పెళ్ళి ఉందని ఒకటి మానేస్తే లేజర్‌తో తేలిగ్గా పోవాల్సిన చిన్న గడ్డ తర్వాతి తేదీకి సీడ్స్ చిమ్ముతూ కనబడొచ్చు.

రెండు కళ్ళకీ వచ్చిందంటే ఈ జబ్బుకి మూలమైన ఆర్‌బి1 అనే జన్యువులో మార్పు ఒళ్ళంతా ఉన్నట్టే, రక్త పరీక్షలో వెతకాలి. తల్లిదండ్రులు కూడా కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఒకప్పుడు వచ్చి దానంతటదే ఆగిపోయిన పాత మచ్చ కొందరిలో బయటపడుతుంది. రెండో బిడ్డ కడుపులో ఉంటే డెలివరీ తేదీతో పాటే కంటి పరీక్ష తేదీ కూడా రాయించుకోండి. పుట్టిన వారంలోపే చూడాలి. అప్పటికి ఏ ఫోటోలోనూ ఏ మెరుపూ ఉండదు.