సెటిల్‌మెంట్‌కు ఒప్పుకోకు బిడ్డా

“తాతా, క్రెడిట్ కార్డు బాకీ 42,000 ఉంది. 25,000 కడితే సెటిల్ చేస్తామని ఫోన్ చేస్తున్నారు. కట్టేయనా?”

బిడ్డా, ఆ 25,000 కట్టకు. కడితే ఫోన్లు ఆగుతాయి కానీ, నీ సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా ఎదురుగా Closed అని కాకుండా Settled అని పడుతుంది. అంటే బ్యాంకు 17,000 వదులుకుందని, రేపు నీకు అప్పిచ్చే ప్రతి బ్యాంకూ చదువుతుంది.

నల్లగొండలో నేను లోన్ల సీట్లో ఉన్నప్పుడు దేవరకొండ నుంచి ఒక టీచరు ఇంటి లోన్‌కు వచ్చారు. జీతం, కాగితాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. పాత కార్డు మీద 6,000 సెటిల్‌మెంట్ ఒక్కటే అడ్డం పడింది. ఆయన ఫైలు చేతిలో పట్టుకుని బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. నాకు ఇప్పటికీ బాధే.

నువ్వు బ్యాంకుకు ఈమెయిల్ పెట్టు. మొత్తం కడతాను, ఈఎంఐలుగా మార్చండి, లేటు ఫీజు తగ్గించండి అని అడుగు. ఫోన్‌లో చెప్పిన మాట నమ్మకు, రాతలో తీసుకో. చివరి వాయిదా కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ అడిగి దాచుకో.

నెలన్నర తర్వాత రిపోర్టు చూడు, ఏడాదికి ఒకసారి ఉచితమే. అప్పటికీ బాకీ చూపిస్తే సిబిల్ సైట్‌లోనే ఫిర్యాదు పెట్టు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది.

మొదటి వాయిదాకు డబ్బు తక్కువైతే నాకు చెప్పు, పంపిస్తా.