ఏడు కిలోమీటర్ల అవతలి పిడుగు

ప్రశ్న: మెరుపు మెరిశాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెడితే పిడుగు ఎంత దూరంలో ఉందో తెలుస్తుందంటారు, నిజమేనా? పొలంలో ఉన్నప్పుడు చెట్టు కింద నిలబడొచ్చా?

లెక్క నిజమే. మెరుపు కనబడగానే మొదలుపెట్టి ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు వెళ్తుంది కాబట్టి అంతే. కానీ ఈ లెక్క వల్లే మా బాబాయి పోబోయాడు, అందుకే రాస్తున్నాను.

మాది పశ్చిమ గోదావరి. దాళ్వా కోత అయిపోయి ధాన్యం కల్లంలో రాశిగా ఉంది, ఏప్రిల్ ఆఖరు. సాయంత్రం నాలుగింటికి పడమర నల్లగా కమ్మింది. మెరుపు మెరిసింది. నేను లెక్కపెడితే 22 వచ్చింది. "ఏడు కిలోమీటర్ల అవతల ఉందిరా, ఇంకా టైముంది, ముందు బరకాలు కప్పండి" అన్నాడు నాన్న. ఇంకో పది నిమిషాలకి 13 వచ్చింది, అంటే నాలుగు కిలోమీటర్లు. ఆ తర్వాత మెరుపులు వరసగా మొదలయ్యాయి. ఏ ఉరుము ఏ మెరుపుదో తెలియదు. మనకి వినబడిన ఉరుము రెండు మెరుపుల కిందటిది కావచ్చు, మనం మాత్రం ఇప్పటి మెరుపుదనుకుని "అమ్మో దగ్గర" అనో "అబ్బే దూరం" అనో అనుకుంటాం. అసలు పని అయిపోయిన పిడుగు దూరమే ఈ లెక్క చెబుతుంది, రాబోయేది ఎక్కడ పడుతుందో చెప్పదు. మబ్బు మనకి పది కిలోమీటర్ల అవతలున్నా పిడుగు మన మీద పడగలదు. 30 సెకన్లలోపు ఉరుమితే లోపలికి వెళ్లిపోవాలి అనేది అందుకే. నా 22 వచ్చినప్పుడే మేం బరకాలు వదిలేసి ఉండాల్సింది.

మా నాయనమ్మ ఉరిమితే "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అని పది పేర్లూ చదివేది. నింపాదిగా చదివితే నాకు ఏడున్నర సెకన్లు పడుతుంది, అంటే రెండున్నర కిలోమీటర్లు. మెరుపు కనబడగానే మొదలుపెట్టి నాలుగుసార్లు చదివేలోగా ఉరుము వినబడితే ఇంట్లోకి పరిగెత్తాలి. వాచీ అక్కర్లేదు. కాకపోతే భయంలో వేగంగా చదువుతాం, అప్పుడు ఉన్నదానికన్నా దూరం ఎక్కువ అనిపిస్తుంది.

కూలీలిద్దరూ కాలవ గట్టు మీద తాడిచెట్ల కిందికి వెళ్లబోతుంటే నేను అరిచి కారులోకి లాక్కొచ్చాను. నాన్న కూడా ఎక్కాడు. అద్దాలు ఎత్తేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా కూర్చున్నాం. కారు కాపాడేది రబ్బరు టైర్ల వల్ల అని చెప్పేవాళ్లని చూస్తే నాకు చిరాకు. అలా అయితే మోటార్‌సైకిల్ కూడా కాపాడాలి కదా! కరెంటు ఇనుప పైకప్పు మీదుగా, బయటి రేకు మీదుగా నేలలోకి పోతుంది. పైకప్పు లేని ట్రాక్టరుకి ఆ సౌకర్యం లేదు. పొలంలో మోటారు షెడ్డు కూడా పనికిరాదు, నాలుగు స్తంభాలూ రేకులే కదా.

బాబాయి మాత్రం చివరి బరకం తాడు కడతానని ఉండిపోయాడు. అప్పుడే పడింది, తాడిచెట్టు మీద. మెరుపూ ఉరుమూ ఒకేసారి. ఆ చెట్టుకి కట్టిన గేదె అక్కడికక్కడే కూలిపోయింది. చెట్టుకి ముప్పై అడుగుల దూరంలో ఉన్న బాబాయి కూడా పడిపోయాడు. పిడుగు చెట్టు మీద పడితే అంతటితో ఆగదు, నేలలో చుట్టూ పాకుతుంది. గేదె ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ మధ్య దూరం ఎక్కువ కదా, కరెంటు ఒక జత కాళ్లలో ఎక్కి గుండె మీదుగా రెండో జతలో దిగుతుంది. పశువులు ఎక్కువగా చచ్చేది ఇందుకే. ఇల్లూ కారూ ఏదీ అందకపోతే, చెట్లకి దూరంగా, ఒకరికొకరు ఎడంగా, పాదాలు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోమంటారు, నేల మీద పడుకోవద్దంటారు. దానివల్ల ప్రమాదం కొంచెం తగ్గుతుందంతే, పోదు.

"ముట్టుకోకండి, కరెంటు కొడుతుంది" అని ఒక కూలీ అరిచాడు. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. ఊపిరి ఆగిపోతే వెంటనే ఛాతీ మీద నొక్కాలి, 108కి ఫోన్ చేయాలి. బాబాయి అదృష్టం, తనంతట తనే లేచాడు. కాళ్లు గంటసేపు మొద్దుబారి ఉన్నాయి, అంతే.

అతన్ని కారులో వేసుకుని ఇంటికొచ్చాం. అక్కడ మళ్లీ గొడవ. ఎదురింటాయన సెల్‌ఫోన్ స్విచాఫ్ చేసి అరుగు మీద కూర్చున్నాడు! సెల్‌ఫోన్ పిడుగుని పిలవదు, చార్జింగ్ వైరుకి తగిలించి పట్టుకుంటేనే ప్రమాదం. అరుగు మాత్రం బయటే లెక్క. డాబా ఇంట్లో లోపలి గదిలో, కుళాయికీ కిటికీకీ దూరంగా ఉండాలి.

వాన ఆగిన పది నిమిషాలకే నాన్న కల్లానికి బయల్దేరాడు. ఆఖరి ఉరుము నుంచి అరగంట ఆగాలన్నాను. వినలేదు. చెప్పులేసుకునేలోగా మళ్లీ ఉరిమింది, లెక్క మళ్లీ మొదట్నుంచి. వెళ్లేసరికి చీకటి పడింది. ఒక మూల బరకం లేచిపోయి ధాన్యం తడిసింది. తేమ ఎక్కువుందని కొనేవాడు బస్తాకి రేటు తగ్గించాడు, దానికి నాన్న ఇప్పటికీ నన్నే అంటాడు.