లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాక డబ్బు కట్టకపోతే?

"సార్, మాది కావలి, మిషన్ కుట్టుకుని బతుకుతాను. నోటు మీద 3 లక్షలు అప్పిచ్చి దావా వేస్తే, లోక్ అదాలత్‌లో రెండున్నర లక్షలకి, నెలకి 25 వేల చొప్పున పది వాయిదాలకి రాజీ అయింది. రెండు కట్టి మూడు నెలలుగా ఎగ్గొడుతున్నాడు. పాత కేసు తెరిపించి మొత్తం వడ్డీతో అడగొచ్చా? లాయర్‌కి ఇవ్వడానికి డబ్బులు లేవు."

పాత కేసు తెరవడం కుదరదమ్మా. మీరిద్దరూ సంతకాలు పెట్టిన ఆ రాజీ కాగితాన్నే అవార్డు అంటారు, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. హైకోర్టులో రిట్ వేయొచ్చు గానీ, మోసం చేసి సంతకం పెట్టించుకున్నారు లాంటి కారణం ఉంటేనే, అతను కట్టలేదన్నది అందుకు సరిపోదు.

ఇక అవార్డు తీసి నిదానంగా చదవండి, అందులో ఒక్క వాక్యం మీదే అంతా ఉంది. వాయిదా తప్పితే మిగిలిన సొమ్మంతా ఒకేసారి కట్టాలని రాసుంటే ఇప్పుడే 2 లక్షలకి వెళ్ళొచ్చు. తప్పితే దావా మొత్తం వడ్డీతో కట్టాలని ఉంటే, ఆ లెక్కలోంచి మీకు ముట్టిన 50 వేలు పోను మిగతాది అడగొచ్చు. ఏమీ రాయకపోతే మాత్రం గడువు దాటిన మూడు వాయిదాలు, అంటే 75 వేలే ఇప్పటికి వసూలుకొస్తాయి, తర్వాతవి ఏ నెలకానెల. రాజీ రోజు హడావిడిలో ఈ వాక్యం రాయించుకోవడం చాలామంది మర్చిపోతారు, అదే కొంప ముంచేది.

వసూలుకి దావా నడిచిన కోర్టులోనే ఈపీ, అంటే అమలు పిటిషన్ వేయాలి. గడువు 12 ఏళ్ళు ఉంది కదా అని కూర్చోకండి, ఈలోగా అతను ఆస్తి అమ్మేసుకుంటే మీ చేతిలో మిగిలేది కాగితమే. అతని పొలం సర్వే నంబరు, ఇంటి వివరాలు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ ముందే తీసి పెట్టుకోండి, జప్తు అడగాలంటే అవి కావాలి. జైలుకి పంపమని కూడా అడగొచ్చు గానీ, కట్టే స్తోమత ఉండి ఎగ్గొడుతున్నాడని మీరు చూపించాలి.

లాయర్ సంగతి: మహిళలకి ఉచిత న్యాయ సహాయానికి ఆదాయ పరిమితి లేదు, మీరు నెలకి ఎంత సంపాదించినా అర్హులే. కావలి కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవల కమిటీకి తెల్ల కాగితం మీద అర్జీ రాసి, ఆధార్, అవార్డు నకలు జతచేసి ఇవ్వండి. నెల్లూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకైనా ఇవ్వొచ్చు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. వాళ్ళు పెట్టే ప్యానెల్ లాయర్‌కి ఫీజు వాళ్ళే ఇస్తారు, మిమ్మల్ని "ఖర్చులకి" అని అడిగితే ఇవ్వకుండా సంస్థ కార్యదర్శికి రాసివ్వండి.

అన్నట్టు, దావాకి మీరు కట్టిన కోర్టు ఫీజు రాజీ అయ్యాక వాపసు వస్తుంది. తీసుకున్నారా?