అప్పటికప్పుడు పెట్టే సెలవు చీటీ: మేనకోడలికి ఒక ఉత్తరం

కడప

చి. సౌ. మేనకోడలికి,

మామ ఆశీస్సులు. అమ్మ ఆపరేషన్ బాగా జరిగింది, వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయిస్తున్నారు. ఆ టెన్షన్ తీరింది కాబట్టి, ఆదివారం సాయంత్రం ఫోన్లో హడావుడిగా చెప్పిన మాటలనే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఆరోజు నీ సెలవు చీటీని నేను చెప్పింది చెప్పినట్టు మార్చి పంపావు. సెలవు వచ్చింది. కానీ ఏది ఎందుకు మార్చామో నీకు తెలిస్తే, ఈసారి నాకు ఫోన్ చేయనక్కర లేకుండా నువ్వే రాసుకుంటావు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. నా బల్ల మీదికి వచ్చినన్ని సెలవు చీటీలు ఇంకే కాగితాలూ వచ్చి ఉండవు.

నువ్వు మొదట పంపింది ఇదీ:

"అనివార్య కారణముల వలన, అత్యవసర వ్యక్తిగత పని ఉన్నందున, రేపటి నుండి కొన్ని రోజులు కార్యాలయమునకు హాజరు కాలేకపోవుచున్నాను. కావున తమరు దయతో సెలవు మంజూరు చేయవలసినదిగా వినయపూర్వకముగా ప్రార్థించుచున్నాను. ఇబ్బందికి క్షమించగలరు."

ఇందులో అబద్ధం లేదు, మర్యాదకూ లోటు లేదు. అయినా చదివిన సూపరింటెండెంట్‌కు ఏమీ తెలియదు. "అనివార్య కారణాలు" అని సినిమాకు వెళ్లేవాడూ రాస్తాడు, తల్లిని ఆసుపత్రిలో చేర్చినవాళ్లూ రాస్తారు. అందరూ వాడేసిన మాట కాబట్టి నీ కష్టం ఆ మాట వెనకే ఉండిపోయింది. "కొన్ని రోజులు" అంటే సీఎల్, అదే ఆకస్మిక సెలవుల రిజిస్టర్‌లో ఏమని ఎక్కించాలి? అన్నిటికంటే పెద్ద లోటు, నీ సీటు పని సంగతి ఒక్క ముక్క లేదు. అనంతపురంలో సోమవారం అంటే అర్జీల రోజు. జిల్లా నలుమూలల నుంచీ జనం వస్తారు. ఆరోజు అర్జీలు ఎక్కించే మనిషే రావడం లేదని ముందురోజు సాయంత్రం తెలిస్తే, ఆయనకు మొదట వచ్చే ఆలోచన "ఈమెకు ఏమైంది" అని కాదు, "రేపు ఎవరిని కూర్చోబెట్టాలి" అని. అది ఆయన తప్పు కాదు, ఆ కుర్చీ పని అలాంటిది. ఆ ప్రశ్నకు జవాబు నీ చీటీలోనే ఉంటే, నీకు ఏమైందన్నది ఆయన స్థిమితంగా చదువుతాడు.

ఇది బాగాలేదని చెప్పగానే, పది నిమిషాల్లో రెండోది రాసి పంపావు గుర్తుందా? అందులో "మా అమ్మ పరిస్థితి విషమంగా ఉంది, నేను తప్ప చూసుకోవడానికి ఎవరూ లేరు, నా మనసు మనసులో లేదు" అని ఉంది. నీ బాధ నాకు తెలుసు తల్లీ, ఆమె నాకూ అక్కే. కానీ తుంటి ఎముక విరగడం వేరు, పరిస్థితి విషమించడం వేరు. నీకు తమ్ముడున్నాడని మీ ఆఫీసులో అందరికీ తెలుసు, వాడు బెంగళూరు నుంచి బయల్దేరాడని కూడా మరునాటికి తెలిసిపోతుంది. చిన్న ఆఫీసులో ఏదీ దాగదు. ఒక మాట పెంచి రాశావని తెలిసిన రోజున నిజమైన మాటలనూ అనుమానంగా చూస్తారు. నిజాయితీ వినిపించాలంటే బాధను వర్ణించడం కాదు, జరిగింది జరిగినట్టు రెండు వాక్యాల్లో చెప్పడం. ఎప్పుడు, ఏమైంది, డాక్టర్ ఏమన్నారు, నువ్వు ఎందుకు ఉండాలి. ఆపరేషన్ సోమవారం పొద్దున అని రాసేసరికి, సోమవారమే ఎందుకు సెలవు కావాల్సి వచ్చిందో ఎవరూ అడగాల్సిన పని లేకుండా పోయింది.

ఎవరో నీకు "జ్వరం అని రాసెయ్, తేలిగ్గా ఇస్తారు" అని సలహా ఇచ్చారన్నావు. ఆ దారి వద్దు. అబద్ధం అన్నది ఒక సంగతి. అది కాక, మెడికల్ గ్రౌండ్స్ మీద సెలవు ఉద్యోగి సొంత అనారోగ్యానికి, దానికి డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారు. అమ్మకు బాగాలేనప్పుడు వాడుకోవలసింది సీఎల్, ఎక్కువ రోజులైతే ఈఎల్, అంటే సంపాదిత సెలవు.

చివరికి మనం పంపింది ఇదీ. దగ్గర పెట్టుకో:

"విషయం: తల్లి ఆపరేషన్ నిమిత్తం సోమ, మంగళ, బుధవారాలు మూడు రోజులు ఆకస్మిక సెలవు, హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లడానికి అనుమతి కోరుతూ.

అయ్యా, మా అమ్మగారు శనివారం రాత్రి ప్రొద్దుటూరులో ఇంటి మెట్ల మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. కడపలో ఆసుపత్రిలో చేర్చాం, సోమవారం ఉదయం ఆపరేషన్ చేస్తామని డాక్టర్లు ఈరోజు చెప్పారు. ఆపరేషన్ సమయంలోనూ, ఆ తర్వాత రెండు రోజులూ నేను దగ్గర ఉండవలసి ఉంది. అందువల్ల పై మూడు రోజులకు ఆకస్మిక సెలవు, ఈరోజు ఆదివారం నుంచి హెడ్‌క్వార్టర్స్ విడిచి ఉండటానికి అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

సోమవారం అర్జీల నమోదు చూడటానికి పక్క సీటు జూనియర్ అసిస్టెంట్ గారు ఒప్పుకున్నారు. వారితో ఫోన్లో మాట్లాడాను. బుధవారం లోపు జవాబు వెళ్లాల్సిన అర్జీలు నాలుగు ఉన్నాయి. వాటి ముసాయిదాలు సిద్ధం చేసి నా బల్ల మీద నీలం ఫైలులో పెట్టాను, తమ సంతకం కావాలి. మిగతా పని గురువారం వచ్చాక పూర్తి చేయగలను. మధ్యాహ్నం ఒంటి గంట తర్వాత ఫోన్లో దొరుకుతాను.

అర్జీల రోజున ఇంత ఆలస్యంగా చెప్పాల్సి వచ్చినందుకు విచారిస్తున్నాను. సెలవు పొడిగించవలసి వస్తే బుధవారం మధ్యాహ్నం లోపే తెలియజేస్తాను."

ఇందులో కొన్ని చోట్ల ఆగి చూడాలి. మొదటి చీటీలో "హాజరు కాలేకపోవుచున్నాను" అన్నావు. అది నిర్ణయం చెప్పినట్టు ఉంటుంది. ఫండమెంటల్ రూల్ 67 ప్రకారం సెలవును హక్కుగా అడగలేం, ఇచ్చే అధికారి ఇవ్వాలి. అందుకే "కోరుతున్నాను" అన్నాం. అలాగని ప్రార్థించడం, వినయపూర్వకంగా వేడుకోవడం అక్కర్లేదు. ఒక్కసారి కోరితే చాలు.

హెడ్‌క్వార్టర్స్ మాట చాలామంది మరిచిపోతారు. సీఎల్ పెట్టినా ఊరు విడిచి వెళ్లడానికి వేరే అనుమతి కావాలి, సెలవు రోజు వెళ్లినా అంతే. నువ్వు ఆదివారమే బస్సెక్కాలి కాబట్టి ఆదివారం నుంచీ అని రాశాం. ఇదొక్కటి లేకపోతే, వెనక్కి వచ్చాక ఎవరైనా లేనిపోని ప్రశ్న వేయొచ్చు.

పని అప్పగించే పేరా మీద మనం ఎక్కువసేపు కూర్చున్నాం, అంత అవసరం కూడా. "నా పని సహోద్యోగులు చూసుకుంటారు" అని రాస్తే అది గాలిమాట. ఎవరు, ఏ పని, కాగితాలు ఎక్కడున్నాయి, ఈ మూడూ ఉండాలి. నేను నీతో ముందు ఆ పక్క సీటు అమ్మాయికి ఫోన్ చేయించి, ఆమె సరే అన్నాకే ఆ వాక్యం రాయించాను. అడగకుండా పక్కవాళ్ల మీద రాసేస్తే, వాళ్లు పొద్దున్నే "నాకేం తెలియదు సార్" అంటారు. అప్పుడు నీ చీటీ మొత్తం తేలిపోతుంది. ఆమె నీ లాగిన్ పాస్‌వర్డ్ అడిగిందని, ఇవ్వమంటావా అని అడిగావు. ఎంత నమ్మకస్తురాలైనా ఇవ్వొద్దు. నీ లాగిన్‌తో జరిగిన ప్రతిదానికీ బాధ్యత నీదే అవుతుంది. ఆమెకు ఉన్న లాగిన్‌లో అయ్యే పని ఆమె చేస్తుంది, కానిదాన్ని కాగితం రిజిస్టర్‌లో రాసి ఉంచితే గురువారం నువ్వు ఎక్కించుకుంటావు. ఆ సంగతి కూడా సూపరింటెండెంట్‌కు ముందే ఫోన్లో చెప్పించాను.

క్షమాపణ ఒక్క వాక్యం చాలు, కానీ ఏ ఇబ్బందికి అన్నది ఆ వాక్యంలో ఉండాలి. "అర్జీల రోజున ఇంత ఆలస్యంగా" అన్న మాటలో, ఆయన కష్టం నీకు తెలుసని ఉంది. ఉత్తి "ఇబ్బందికి క్షమించగలరు"లో అది లేదు.

వరస కూడా గుర్తుంచుకో. ముందు ఫోన్, తర్వాత వాట్సాప్‌లో నాలుగు లైన్లు, ఆ వెనకే చీటీ ఫొటో, వచ్చాక సంతకం పెట్టిన కాగితం. ఫోన్ ఎత్తకపోతే "ఫోన్ చేశాను సార్, వీలైనప్పుడు మాట్లాడతాను" అని మెసేజ్‌లో రాయి. ఆఫీసు గ్రూపులో మాత్రం పెట్టొద్దు. అమ్మ సంగతి అందరికీ చెప్పాల్సిన పని లేదు, పైగా అందరి ముందూ అడిగితే కాదనలేని ఇరకాటంలో ఆయన్ని పెట్టినట్టు అవుతుంది. సాయంత్రమే తెలిసిన విషయాన్ని పొద్దున పది గంటల దాకా ఆపడం అన్నిటికంటే చెడ్డది. రాత్రి చెబితే ఆయన ఎవరినో ఒకరిని సర్దుకుంటాడు, పొద్దున ఆఫీసు తెరిచాక చెబితే తిట్టుకుంటాడు.

ఇంకో సంగతి. సీఎల్‌లు ఏడాదికి 15, నీకు ఇంకా ఆరు మిగిలాయన్నావు కాబట్టి మూడు ధైర్యంగా అడిగాం. కానీ సీఎల్‌ను ఈఎల్‌తో కలిపి వాడే వీల్లేదు. ఒకవేళ అమ్మకు పది రోజులు తోడుండాలని మొదటి రోజే తెలిసి ఉంటే, సోమవారం నుంచీ ఈఎల్ అడగమని చెప్పేవాణ్ణి. అలా తెలియని స్థితిలో మూడు రోజులు అడిగి, ఎప్పటిలోగా మళ్లీ చెబుతానో రాయడమే సరైనది. చెప్పిన వేళకు చెప్పడం కూడా అంతే ముఖ్యం. పొడిగింపు అవసరం లేకపోయినా బుధవారం మధ్యాహ్నం నువ్వు "రేపు వస్తున్నాను సార్" అని మెసేజ్ పెట్టావు చూడు, అది నాకు చాలా నచ్చింది.

తమ్ముడికి కూడా ఇది చూపించు. వాడి కంపెనీలో హెడ్‌క్వార్టర్స్ గొడవ ఉండదు, చీటీ బదులు మెయిల్ ఉంటుంది. సబ్జెక్టులో తేదీలు, లోపల కారణం రెండు లైన్లు, ఏ పని ఎవరికి అప్పగించాడో. మిగతాదంతా ఇదే.

రేపు ఆఫీసులో కూర్చోగానే సీఎల్ రిజిస్టర్‌లో మూడు రోజులూ సరిగ్గా ఎక్కాయో లేదో చూసుకో. మంజూరైన చీటీ జిరాక్స్ ఒకటి నీ దగ్గర ఉంచుకో. నీ బదులు అర్జీలు రాసిన అమ్మాయి రిజిస్టర్‌ను ఆమె పక్కనే కూర్చుని సరిచూసుకో, ఆమెకు సెలవు కావాల్సి వచ్చినప్పుడు ఆ సీటు నువ్వు చూడు. అమ్మ దగ్గర నేనూ మీ అత్తా ఉన్నాం, ఆదివారం తీరిగ్గా రా.

ఇట్లు
మీ మామ