67కే సోషల్ సెక్యూరిటీ తీసుకోవాలా, 70 దాకా ఆగాలా?

ప్రశ్న: 2027లో నాకు 67 నిండుతాయి. అప్పుడే మొదలుపెడితే నెలకు 2,400 డాలర్లు వస్తాయట. ఆగితే నిజంగా లాభం ఉందా? నా భార్య అమెరికాలో ఎప్పుడూ ఉద్యోగం చేయలేదు.

జవాబు: మీ భార్య వయసు తెలిస్తే తప్ప దీనికి సరైన జవాబు దొరకదు. నేను 1954లో పుట్టాను, నా పూర్తి రిటైర్మెంట్ వయసు, అంటే కోత లేకుండా అసలు మొత్తం వచ్చే వయసు, 66; మీకు అది 67. మా ఆవిడ నాకంటే ఎనిమిదేళ్లు చిన్న కాబట్టి 70 దాకా ఆగాను.

పూర్తి వయసు దాటాక ఆగిన ప్రతి నెలకూ అసలు మొత్తం మీద ఒక శాతంలో మూడింట రెండు వంతులు, అంటే ఏడాదికి 8 శాతం కలుస్తుంది. ఇది చక్రవడ్డీ కాదు, 70 తర్వాత ఒక్క పైసా పెరగదు. 70కి మీ 2,400 కాస్తా 2,976 అవుతుంది. మూడేళ్లలో వదులుకున్న 86,400 డాలర్లు నెలకు అదనంగా వచ్చే 576తో తీరడానికి 150 నెలలు, అంటే పన్నెండున్నరేళ్లు పడుతుంది. మీకు ఎనభై రెండున్నర వస్తాయి. ఏటా ధరలను బట్టి చేసే పెంపు ఎప్పుడు మొదలుపెట్టినా వర్తిస్తుంది కనుక దాన్ని ఇక్కడ కలపలేదు.

అయితే ఆ 150 నెలలూ మీరే బతికి ఉండాలన్న నియమం లేదు. మీ తర్వాత మీ భార్యకు, ఆమె తన పూర్తి వయసు దాటి ఉంటే, మీ 2,976 అంతా వస్తుంది. అందుకే ఆమె మీకంటే బాగా చిన్నదైతే, మీ ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నా ఆగడమే మేలని నా అభిప్రాయం.

ఆమెదీ మీ వయసే అయితే లెక్క తిరగబడుతుంది. మీరు దరఖాస్తు పెట్టేదాకా భార్యగా ఆమెకు రావలసిన 1,200 డాలర్లు మొదలు కావు, పైగా మీరు ఎంత ఆగినా ఆ సగం 2,400లోనే సగం, 2,976లో కాదు. ఆ మూడేళ్లలో ఆమె వైపు నుంచి మరో 43,200 పోతాయి కాబట్టి నష్టం తీరడానికి 225 నెలలు కావాలి. అంటే ఇద్దరిలో ఒకరైనా 88 ఏళ్ల 9 నెలలు దాటాలి. మా ఇంట్లో ఈ చిక్కు రాలేదు, ఎందుకంటే నాకు 70 వచ్చేసరికి మా ఆవిడకు 62, అంతకు ముందు ఆమెకు భార్యగా ఏమీ వచ్చేది కాదు.

ఇంకొక జాగ్రత్త చెబుతాను. 69 దాటాక వివరాల కోసం నేను ఫోన్ చేస్తే, అవతలి వ్యక్తి ఆరు నెలల వెనకటి మొత్తం ఒకేసారి ఇస్తామన్నారు. అది తీసుకుంటే ఆరు నెలల ముందే మొదలుపెట్టినట్టు లెక్క. నా అసలు మొత్తమైన 2,100 మీద 4 శాతం, నెలకు 84 డాలర్లు, నాకూ నా తర్వాత మా ఆవిడకూ శాశ్వతంగా తగ్గేవి. వద్దని చెప్పి, 70 నిండిన నెల నుంచే ఇమ్మని దరఖాస్తులో రాశాను. మీరు 68 లోనో 69 లోనో మధ్యలో మొదలుపెడితే, ఆ ఏడాది కూడబెట్టిన పెరుగుదల తర్వాతి జనవరి నుంచే కలుస్తుంది. మొదటి నెలల్లో తక్కువ పడితే కంగారు పడకండి.